ఆపరేషన్ అయిందిగా... అనుకుంటే!

శృంగవరపుకోటలో ఓ ఇల్లు అనుకోండి. ఇల్లాలికి ముప్ఫై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుతోనే పిల్లల ఆపరేషన్ అయిపోయింది. ఈసారి నెలసరి తేదీ దాటి రెండు వారాలైంది. పొద్దున్నుంచి పొత్తికడుపులో కుడిపక్కనే నొప్పి. కొద్దిగా గోధుమరంగు మరక కూడా కనిపించింది. ''నెలసరి ఆలస్యమైంది కదమ్మా, అందుకే నొప్పి. కాస్త వాము నీళ్లు తాగు'' అంది అత్తగారు. గర్భమేమోనన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఆపరేషన్ అయిందిగా!

పొరపాటు అక్కడే. ఆపరేషన్‌లో అండం వచ్చే ట్యూబులను కట్టి, తెంచేస్తారు. ఎప్పుడో అరుదుగా ఆ చోట సన్నటి దారి మళ్లీ ఏర్పడుతుంది. వీర్యకణం అందులోంచి దూరిపోతుంది. దానికన్నా ఎంతో పెద్దదైన పిండం మాత్రం గర్భసంచిలోకి దిగలేక ట్యూబులోనే నాటుకుంటుంది. ఇదే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీ. ఆపరేషన్ తర్వాత గర్భం రావడమే అరుదు. కానీ వస్తే, దాదాపు మూడింట ఒకటి ఇలాంటిదేనని 1997లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనం తేల్చింది. ఆపరేషన్ కాని వారికీ ఇది రావచ్చు.

ట్యూబు గర్భసంచిలా సాగదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకల్లా చిట్లిపోవచ్చు. అప్పుడు రక్తం కడుపులోకే కారుతుంది, బయటికి కనిపించేది కొద్దిపాటి మరకే. కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, భుజం కొసన నొప్పి... ఇవి లోపల రక్తం చేరుతోందనడానికి గుర్తులు.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన ఆడపడుచు, ''వదినా, ఎందుకైనా మంచిది'' అంటూ మందుల షాపు నుంచి టెస్ట్ కార్డు తెచ్చింది. రెండు గీతలు! అయితే గర్భం ఉందనే కార్డు చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు. అది తేల్చేది స్కానింగే. ఇక్కడ గర్భస్రావం మాత్రలు వేసుకోవడం మరీ ప్రమాదం. అవి ట్యూబులోని గర్భాన్ని తీసేయలేవు. రక్తస్రావం కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు, లోపల ట్యూబు ఉబ్బుతూనే ఉంటుంది.

ఆమెను ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. యోనిమార్గం ద్వారా స్కాన్ చేస్తే గర్భసంచి ఖాళీగా ఉంది, కుడి ట్యూబు దగ్గర గడ్డ, పక్కనే కొంత రక్తం కనిపించాయి. ఆపరేషన్ చేసి ట్యూబు తీసేశారు. ఇంకా ముందే, చిట్లకముందు, చిన్నగా ఉండగా తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ సరిపోతుంది. స్కాన్‌లో ఎక్కడా ఏమీ కనబడకపోతే రక్తంలో హెచ్‌సీజీ చూసి, 48 గంటల తర్వాత మళ్లీ చూస్తారు. మామూలు గర్భంలో అది బాగా పెరుగుతుంది. పెరుగుదల మందకొడిగా ఉంటే అనుమానించాల్సిందే.

నెలసరి తప్పి ఒకపక్క నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. కళ్లు తిరిగితే వెంటనే 108కి ఫోన్ చేయాలి. డాక్టరు దగ్గర మొదట చెప్పాల్సింది ఆఖరి నెలసరి తేదీ. ఆ వెంటనే పిల్లల ఆపరేషన్ సంగతి. అది గర్భం లేదనడానికి రుజువు కాదు, ఉంటే ట్యూబులో ఉండొచ్చన్న హెచ్చరిక.