జ్వరం పోయాక వచ్చిన పొక్కులు

కిందటి శ్రావణంలో మా చెల్లెలు పిల్లాణ్ణి తీసుకుని పది రోజులుండి వెళ్దామని మా ఇంటికొచ్చింది. వాడికి పదకొండో నెల. వచ్చిన మర్నాడే ఒళ్లు కాలిపోయింది. థర్మామీటరు పెడితే 103.4. దగ్గు లేదు, జలుబు లేదు, విరేచనాలు లేవు. పారాసిటమాల్ పడితే రెండు మూడు గంటలు గిన్నెలతో ఆడుకునేవాడు, తర్వాత మళ్లీ మొదలు.

రెండో రోజు పిల్లల డాక్టరమ్మకి చూపించాం. చెవులు, గొంతు చూసి, మూత్రం పరీక్ష చేయించారు. అందులో ఏమీ లేదు. "వైరస్ జ్వరంలా ఉంది, యాంటీబయాటిక్ అక్కర్లేదు" అని వాణ్ణి తూకం వేసి, బరువుకి తగ్గట్టు మందు రాశారు. ఇంటికొచ్చాక నేను చేయబోయిన తప్పు చెప్పాలి. ఆవిడ రాసింది 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్. మా అల్మారాలో ఉన్నది 250ది. పేరు ఒకటే కదా అని అదే కొలత పోసుంటే మందు రెట్టింపు పడేది. మా చెల్లెలు సీసా మీది అంకె చూసింది కాబట్టి సరిపోయింది.

నాలుగో రోజు పొద్దున ఒళ్లు చల్లబడింది. హమ్మయ్య అనుకుని స్నానానికి చొక్కా విప్పితే పొట్టంతా, వీపంతా సన్నటి గులాబీ రంగు పొక్కులు. మా అత్తయ్య చూసి, "అమ్మవారు పోసింది. ఇంక మందులు వేయకండి, గడప దాటించకండి" అని గుమ్మానికి వేపమండలు కట్టేసింది. వేపమండలతో నాకు పేచీ లేదు. డాక్టరుకి చూపించొద్దనడంతోనే పేచీ.

చెల్లెలి చేయి వణుకుతోంది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ ముందు ఒక పని చేయమన్నారు. పల్చటి గాజుగ్లాసు తీసుకుని, దాని పక్కభాగాన్ని పొక్కుల మీద గట్టిగా అదిమి, గ్లాసులోంచి చూడాలి. అదిమినప్పుడు ఎరుపు మాయమైతే అది మామూలు దద్దురు. మాయం కాకుండా ఎర్రగానో ఊదాగానో అలాగే కనపడితే చర్మం లోపల రక్తం చిమ్మిందన్నమాట, క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మా వాడిది చామనఛాయ. నల్లటి ఒంటి మీద ఇవి సరిగా కనపడవు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కింది రెప్ప లోపల కూడా చూడమన్నారు. ఎక్కడా లేవు. పొట్ట మీద అదిమితే ఎరుపు పోయింది.

సాయంత్రం తీసుకెళ్తే, "రోజియోలా" అన్నారు. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకి ఎక్కువగా వస్తుందట. మూడు నుంచి ఐదు రోజులు జ్వరం మండిపోయి, జ్వరం దిగిపోయాక పొక్కులొస్తాయి. ఆ వరసే దాని గుర్తు. తట్టులో అలా కాదు. ముందు దగ్గు, ముక్కు కారడం, కళ్లెర్రబడడం ఉంటాయి. పొక్కులు చెవుల వెనక, ముఖం మీద మొదలై కిందికి దిగుతాయి. పొక్కులొస్తున్నప్పుడు జ్వరం ఇంకా పెరుగుతుంది. ఇంకో మాట కూడా చెప్పారు. రెండో రోజే తొందరపడి యాంటీబయాటిక్ వేసుంటే, ఈ పొక్కులు చూసి మందు పడలేదనుకుని, ఆ మందు పేరు జన్మంతా వాడి ఫైల్లో మోసుకు తిరిగేవాళ్లమట.

జ్వరం దిగితే గండం గడిచినట్టేనా అని అడిగాను. మా పక్కింటి ఐదేళ్ల పాప సంగతి నా మనసులో ఉంది. దానికి డెంగీ. నాలుగో రోజు జ్వరం పోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ అప్పట్నించే కడుపునొప్పి, ఆగకుండా వాంతులు, చేతులూ కాళ్లూ చల్లగా. పొద్దుట్నించీ మూత్రానికి వెళ్లలేదని వాళ్లమ్మకి మధ్యాహ్నానికి తట్టి, ఆటోలో తీసుకెళ్తే అప్పటికప్పుడు చేర్చుకుని సెలైన్ పెట్టారు. "అందుకే జ్వరాన్ని కాదు, పిల్లని చూడాలి" అన్నారావిడ. జ్వరం పోయాక రోజియోలా పిల్లలు కాస్త చిరాగ్గా ఉన్నా తింటారు, ఆడతారు. జ్వరం పోయినా పిల్ల మత్తుగా పడుంటే, లేపితే లేవకపోతే, ఊపిరి ఎగబోస్తుంటే, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం వస్తే ఇంట్లో కూర్చోకూడదు. జ్వరం ఐదు రోజులకీ తగ్గక, కళ్లూ పెదవులూ ఎర్రబడితే అది వేరే జబ్బు కావచ్చు, దానికీ ఆలస్యం పనికిరాదు.

రోజియోలా జ్వరంలో కొందరు పిల్లలకి ఫిట్స్ కూడా వస్తాయట. అప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో స్పూను పెట్టకూడదు, చేతిలో తాళాలు పెట్టకూడదు. ఐదు నిమిషాల్లో ఆగకపోతే ఆసుపత్రికి. ఆ భాగ్యం మాకు పట్టలేదు.

పొక్కులకి పూతలేవీ రాయలేదు. రెండో రోజు సాయంత్రానికి మచ్చ కూడా లేకుండా పోయాయి. మా అత్తయ్య ఎండిన వేపమండలు విప్పుతూ, "చూశావా, తల్లి చల్లగా దిగిపోయింది" అంది. పిల్లాడు ఆ మండల్లోంచి ఒక ఆకు లాక్కుని నోట్లో పెట్టుకుని మొహం చిట్లించాడు.