‘బీ1 ఎప్పటికి అవుతుంది?’ అని అడిగితే ఏం చెప్పాలి?

జర్మన్ నేర్చుకుంటున్న సాఫ్ట్‌వేర్ వాళ్లని ‘నీ లెవెల్ ఎంత?’ అని అడిగి చూడండి. పూర్తి చేసిన కోర్సు పేరు చెప్తారు. ‘ఏ2 అయిపోయిందండీ, బీ1 నడుస్తోంది’ అంటారు. నేనూ అలాగే చెప్పేవాణ్ణి. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే కోర్సు అయిపోవడం వేరు, ఆ పని మనకి రావడం వేరు. కోడ్ మెర్జ్ అయినంత మాత్రాన టెస్టులన్నీ పాస్ అయినట్టు కాదు కదా!

డిసెంబర్‌లో ఈ తేడాని లెక్కగట్టాల్సిన అవసరం వచ్చింది. స్టుట్‌గార్ట్‌లోని క్లయింట్ దగ్గరికి మా టీమ్ నుంచి ఇద్దర్ని పంపాలి. బీ1 సర్టిఫికెట్ ఉండాలి. ‘మార్చికి అవుతుందా?’ అని మేనేజర్ అడిగారు. అవుతుందని చెప్పి ఫెయిలైతే సీటు పోతుంది. భయపడి ‘వచ్చే ఏడాది చూద్దాం’ అంటే ఆ సీటు ఇంకొకరికి వెళ్తుంది. ‘వారం టైమివ్వండి సార్, తేదీతో వస్తాను’ అన్నాను.

ఆ వారం నేను ముందేసుకుని కూర్చున్నది ఒక పట్టిక. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు లెవెల్స్ ఉన్న యూరప్ భాషా కొలమానాన్ని కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో పుస్తకంగా తెచ్చింది. అందులో మనల్ని మనమే అంచనా వేసుకునే పట్టిక ఉంటుంది. వినడం, చదవడం, ఎదుటివాళ్లతో మాట్లాడటం, మనమే ఒక విషయం గురించి చెప్పడం, రాయడం అని ఐదు నైపుణ్యాలు. ప్రతి గడిలో ‘నేను ఫలానా పని చేయగలను’ అనే తరహా వాక్యాలుంటాయి. వీటినే కెన్-డూ స్టేట్‌మెంట్స్ అంటారు. మన భాషలో చెప్పాలంటే యాక్సెప్టెన్స్ క్రైటీరియా. గ్రామర్ చాప్టర్ల పేర్లు అక్కడ కనిపించవు. ఏ పని చేయగలవు అన్నదే ఉంటుంది.

చదవగానే అన్నింటికీ ‘ఆఁ, వచ్చు’ అని టిక్కులు పెట్టేయాలనిపిస్తుంది. ఇక్కడే కాస్త ఆగాలి. ఆ వాక్యాల్లో అసలు సరుకు క్రియలో కాదు, దాని పక్కనున్న షరతుల్లో ఉంటుంది. బీ1 వినికిడి గడినే తీసుకోండి. పరిచయమున్న విషయాల మీద, స్పష్టంగా, మామూలు జర్మన్‌లో మాట్లాడితే ముఖ్యమైన సంగతులు అర్థమవ్వాలి. టీవీ, రేడియో లాంటివైతే కాస్త నెమ్మదిగా చెప్పినప్పుడు. అంటే సినిమా మొత్తం అర్థం కావాలని ఎవరూ అడగలేదు. అలాగని సబ్‌టైటిల్స్ పెట్టుకుని, మూడుసార్లు వెనక్కి జరుపుకుని వింటే సరిపోతుందనీ లేదు.

మా క్లాసులో ఒకమ్మాయి ఉంది. డెర్, డీ, డాస్ ఒక్కటి తప్పినా టిక్ పెట్టదు. వాక్యంలో లేని ‘తప్పుల్లేకుండా’ అనే షరతుని తనే చేర్చుకుంటుంది. బీ1 దగ్గర తప్పులుంటాయి, మాట అర్థమైతే చాలు. ఇంకో కుర్రాడు ఉన్న షరతుల్ని తీసేసి చదువుతాడు. ఆమె రెండేళ్లుగా ఏ2 దగ్గరే ఉంది. అతను మాత్రం ఎప్పుడో బీ2కి వచ్చేశానంటాడు. నా లెక్క ప్రకారం ఇద్దరిదీ దాదాపు ఒకటే లెవెల్!

అందుకని ప్రతి వాక్యాన్నీ ఒక చిన్న పరీక్షగా మార్చుకున్నాను. రూల్స్ మూడే. సామగ్రి కొత్తదై ఉండాలి. డిక్షనరీ, ట్రాన్స్‌లేటర్ ముట్టుకోకూడదు. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయగలగాలి. రెండుసార్లూ అయితే ‘వచ్చు’, ఒక్కసారైతే ‘సగం’, లేకపోతే ‘ఇంకా రాలేదు’. గుర్తుకి రాకపోవడం, నోటికి రాకపోవడం రెండూ ‘రాలేదు’ కిందకే.

వినడానికి డాయిచ వెల్ల వాళ్ల ‘నీకోస్ వెగ్’ సిరీస్‌లో బీ1 భాగం నుంచి చూడని ఎపిసోడ్ తీసుకున్నా. సబ్‌టైటిల్స్ ఆపేసి ఒక్కసారే విన్నా. ఎవరు, ఎక్కడ, ఏం సమస్య, ఏం నిర్ణయించారు, తర్వాత ఏం చేయబోతున్నారు అని ఐదు ప్రశ్నలు. వెంటనే తెలుగులో జవాబులు రాసుకుని, ఆ తర్వాతే సబ్‌టైటిల్స్‌తో సరిచూసుకున్నా. మొదటి రోజు మూడు, రెండో రోజు రెండు కరెక్ట్. నాలుగు వస్తేనే ‘వచ్చు’ అని ముందే గీత గీసుకున్నాను కాబట్టి ఇది ‘ఇంకా రాలేదు’. గీత ముందే గీసుకోవడం ముఖ్యమండీ. మార్కులు చూశాక గీసుకుంటే అది ఎప్పుడూ మన కిందకే దిగుతుంది.

చదవడంలో వచ్చింది సర్‌ప్రైజ్. క్లయింట్ టికెట్లు రోజూ చూస్తాను కాబట్టి ‘ఫేలర్‌మెల్డుంగ్’ అంటే ఎర్రర్ మెసేజ్ అని నిద్రలో లేపినా చెప్తాను. అయితే అది నా ఉద్యోగం మూలంగా వచ్చిన బలం. దాన్ని పక్కన పెట్టి చూడాలని అపార్ట్‌మెంట్ నియమాల కాగితం, అదే హౌస్‌ఓర్డ్‌నుంగ్, ఒకటి తెచ్చుకుని చదివా. బీ1 పరీక్షలో ఇలాంటి నియమాలు, సూచనల మీద ఒక భాగం ఉంటుంది. చెత్త ఎప్పుడు బయట పెట్టాలి, రాత్రి ఎన్నింటి తర్వాత చప్పుడు చేయకూడదు, అంతా అర్థమైంది. రెండోసారి మరో కాగితంతోనూ అంతే. చదవడం ‘వచ్చు’.

రాయడం ‘సగం’. ఇక మాట్లాడటం. బీ1 గడిలో ఆ భాష మాట్లాడే చోట ప్రయాణంలో ఎదురయ్యే చాలా పరిస్థితుల్ని నెట్టుకురాగలగాలి అని ఉంటుంది. తెలిసిన విషయమైతే ముందుగా సిద్ధం కాకుండానే సంభాషణలోకి దిగగలగాలి. ఆ ‘సిద్ధం కాకుండా’ అన్న ముక్కే నా కొంప ముంచింది. క్లాస్‌మేట్ ఒకరికి స్టుట్‌గార్ట్ స్టేషన్ కౌంటర్ క్లర్క్ వేషం ఇచ్చి, మధ్యలో నాకు చెప్పకుండా ఏదో ఒక మెలిక పెట్టమన్నాను. ఫోన్‌లో నాలుగు నిమిషాలు రికార్డ్ చేశాం. మ్యూనిక్‌కి టికెట్ కొనడం దాకా బండి సాఫీగా నడిచింది. ‘ఆ రైలు రద్దయింది’ అన్నాడు వాడు. అంతే! తర్వాతి రెండు నిమిషాల్లో ఐదు సెకన్లకు మించిన మౌనాలు ఆరు, ఇంగ్లిష్ మాటలు తొమ్మిది. బట్టీ పట్టిన వాక్యాలతో ఏ2 నడుస్తుంది. బీ1 మొదలయ్యేది రైలు రద్దయ్యాకే.

మొత్తం చూస్తే చదవడం బీ1, రాయడం ఏ2కీ బీ1కీ మధ్య, వినడం, మాట్లాడటం ఏ2. ఒకే మనిషికి నాలుగు లెవెల్స్ ఉండటం మామూలే. సగటు తీసి ‘ఏ2.5’ అనడం వల్ల లాభం లేదు. గోథె బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగు మాడ్యూళ్లు. ప్రతి దానికీ వంద పాయింట్లు, ప్రతి దాంట్లోనూ విడిగా 60 రావాలి. చదవడంలో 95 వచ్చినా అది వినడంలో వచ్చిన 50ని కాపాడదు. పైగా వినడంలో కొన్ని భాగాలు ఒక్కసారే వినిపిస్తారు. మాట్లాడటంలో పార్ట్‌నర్‌తో కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి, అతను ఏమంటాడో మన చేతిలో ఉండదు. కాబట్టి తేదీని నిర్ణయించేది బలహీనమైన మాడ్యూలే.

ఇంకో పని కూడా చేశా. అసలు అక్కడ జర్మన్‌తో ఏం పని అని మేనేజర్‌ని అడిగా. స్టాండప్ ఇంగ్లిష్‌లోనే, కానీ ప్లాంట్‌లో వాళ్లు ఫోన్ చేసి సమస్య చెప్తే అర్థం చేసుకుని ఒకటి రెండు ప్రశ్నలు అడగాలట. తెలిసిన విషయం మీద సంభాషణ, అంటే బీ1. బీ2 అక్కర్లేదు. ఏ2 చాలదు.

ఇక తేదీ. బీ1కి చేరడానికి మొదటి నుంచి లెక్కేస్తే 45 నిమిషాల క్లాసులు 350 నుంచి 650 దాకా పడతాయని గోథె వాళ్లు చెప్తారు. ఏ2కైతే 200 నుంచి 350. ఇంత పెద్ద రేంజ్‌లో మనం ఎక్కడుంటామో మన పాత లెక్కే చెప్పాలి. నాకు ఏ2కే 320 దాకా పట్టాయి, అంటే నేను పైచివర బాపతు. బీ1కి 580 అనుకున్నా. మిగిలింది 260 క్లాసులు, సుమారు 195 గంటలు. గడిచిన నాలుగు వారాల్లో నేను నిజంగా పెట్టిన సమయం వారానికి ఐదు గంటలు (మెట్రోలో యాప్ నొక్కింది ఇందులో లెక్కేయలేదు). అలా అయితే 39 వారాలు. శనివారం ఉదయం రెండు గంటలు కలిపి ఏడు చేస్తే 28. సంక్రాంతికి ఊరెళ్లే వారం, రిలీజ్ వారం కలిపి 30. డిసెంబర్ మధ్య నుంచి లెక్కేస్తే జులై రెండో వారం దాటుతుంది. మార్చి మధ్య దాకా చూస్తే 13 వారాలే, అంటే 91 గంటలు. సగం కూడా కాదు.

‘మార్చికి చదవడం మాడ్యూల్ ఒక్కటే తేగలను సార్. నాలుగూ కావాలంటే జులై ఆఖరు’ అని చెప్పి ఈ కాగితం ముందు పెట్టాను. ఆయన కాసేపు చూసి, ‘మొదటి బ్యాచ్ పోయింది, నిన్ను సెప్టెంబర్ బ్యాచ్‌లో వేస్తా’ అన్నారు. మొదటి బ్యాచ్ పోయినందుకు బాధ లేదని అనను.

జులై అని అన్నాను కానీ ఫీజు ఇంకా కట్టలేదు. మే ఆఖర్లో ఇంతవరకు తెరవని మోడల్ పేపర్లు రెండు టైమ్ పెట్టుకుని రాస్తాను. గోథె సైట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. రాసినవి, రికార్డ్ చేసినవి మా మేడమ్ దిద్దుతారు, నేను కాదు. ప్రతి మాడ్యూల్‌లో రెండుసార్లూ 70 దాటితే నాలుగింటికీ అప్లై చేస్తా. పాస్‌కి 60 చాలు, ఆ పైన పది పరీక్ష హాల్ కంగారు కోసం. ఒక్కటి తగ్గితే మిగతా మూడూ జులైలోనే రాసేసి, ఆ ఒక్కటీ తర్వాత రాస్తా. మాడ్యూళ్లు విడివిడిగా రాసుకునే వీలుంది మరి.

మొన్న ఏప్రిల్‌లో అవే పరీక్షలు కొత్త సామగ్రితో మళ్లీ పెట్టుకున్నాను. వినడంలో రెండు రోజులూ ఐదుకి నాలుగు. స్టేషన్ కౌంటర్‌లో ఈసారి మావాడు నా టికెట్ వేరే తేదీదని చెప్పాడు. మౌనాలు రెండు, ఇంగ్లిష్ మాటలు మూడు. రెండో రోజు రికార్డింగ్‌లో మాత్రం మౌనాలు మళ్లీ ఐదు. గడిలో ‘సగం’ అని రాశాను.