26 అంటే ఏ పన్ను?

మేం ముగ్గురం, హాస్టల్లో ఒకే రూము. కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు తండాల నుంచి వచ్చి బీడీఎస్ మొదటి సంవత్సరంలో చేరినోళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. గ్రూపులో ఎవరైనా కొత్తగా డెంటల్‌లో చేరుతుంటే పనికొస్తుందని, మేం చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాం. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

దసరా సెలవులకు ముందు మాలో ఒకరి చిన్నాయన వాట్సాప్‌లో ఒక చీటీ ఫోటో పంపినాడు. పంటి నొప్పని టౌన్లో పండ్ల డాక్టరుకు చూపించుకున్నాడంట. చీటీలో ఉన్నది ఒకటే మాట, 26 తీసేయాలని. వెంటనే ఫోన్ చేసి, "మీరు పండ్ల చదువే చదువుతాండారు కదరా, ఇది యా పన్నో చెప్పండి" అన్నాడు.

మాకు ఎక్కడలేని ఉత్సాహం. ఇంట్లోవాళ్లు మమ్మల్ని చదువు సంగతి అడగడం అదే మొదలు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న వీలర్ డెంటల్ అనాటమీ పుస్తకం మంచం మీదే ఉంది. బొమ్మలో 26 చూసినాం. "కింద, కుడి పక్క, నడిమధ్య నుంచి రెండో పన్ను చిన్నాయనా" అన్నాం, ముగ్గురం ఒకేసారి.

ఆయన కాసేపు మాట్లాడలేదు. "నొప్పి పైన ఎడమ పక్క దౌడ పంటికి కదరా. ముందర పన్ను పీకుతాడా? ఎర్రగా గార పట్టినాయని పీకుతాడేమో" అన్నాడు. మా బోరు నీళ్ల సంగతి మీకు తెలుసు. ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పుడే పండ్ల మీద గోధుమరంగు మచ్చలు పడతాయి, ఆయనవీ అట్లాంటివే. ఆ మచ్చల కోసం ఎవరూ పన్ను పీకరు. కానీ మేం చెప్పిన మాటతో ఆయనకు డాక్టరు మీద నమ్మకం పోయింది. మర్నాడు పోవాల్సినోడు పోలేదు. అంగట్లో నొప్పి బిళ్లలు కొనుక్కొని నాలుగు రోజులు నెట్టినాడు. నాలుగో రోజుకు చెంప వాచింది.

అప్పుడు భయపడి సీనియర్ అక్కకు ఫోటో చూపించినాం. ఆమె చూస్తూనే, "ఇది ఇరవై ఆరు కాదురా, రెండు–ఆరు" అన్నది. ఆ ఒక్క ముక్కలో మా తప్పంతా ఉంది.

మన దగ్గర డాక్టర్లు ఎక్కువగా వాడేది ఎఫ్‌డీఐ పద్ధతి. 1970లో అంతర్జాతీయ దంతవైద్య సమాఖ్య దీన్ని తీసుకుంది. ఇందులో రెండంకెలూ వేరువేరు. మొదటిది వీధి నంబరు, రెండోది ఇంటి నంబరు అనుకోండి. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. పైన కుడి 1, పైన ఎడమ 2, కింద ఎడమ 3, కింద కుడి 4. కుడి, ఎడమ అంటే పేషెంటువి, ఎదురుగా నిలబడిన మనవి కాదు. ప్రతి భాగంలో నడిమధ్య నుంచి వెనక్కి 1 నుంచి 8 దాకా లెక్క. 3 కోరపన్ను, 6 మొదటి పెద్ద దౌడ పన్ను, 8 జ్ఞానదంతం. కాబట్టి రెండు–ఆరు అంటే పైన ఎడమ, మొదటి పెద్ద దౌడ పన్ను. చిన్నాయన నొప్పి సరిగ్గా అక్కడే.

వీలర్ అమెరికా పుస్తకం. అందులో ఉన్నది యూనివర్సల్ పద్ధతి. పేరుకే యూనివర్సల్ గానీ, గట్టిగా వాడేది అమెరికాలోనే. దొడ్లోంచి గొర్రెలను వదిలేటప్పుడు లెక్కపెట్టినట్టు 1 నుంచి 32 దాకా ఒకటే వరస. పైన కుడి చివరి జ్ఞానదంతం 1. అక్కడి నుంచి ముందు పండ్ల మీదుగా పైన ఎడమ చివరికి వస్తే 16. నేరుగా కిందికి దిగితే 17. మళ్లీ తిరిగి కింద కుడి చివరికి పోతే 32. ఈ వరసలో 26 కింద కుడి పక్కకు పడుతుంది. మేం చెప్పింది ఆ పన్నే.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ లెక్కపెట్టేది నోట్లో ఉన్న పండ్లను కాదు, చోట్లను. జ్ఞానదంతం రాకపోయినా, ఎప్పుడో పీకించుకున్నా ఆ నంబరు ఖాళీగా ఉంటుందే తప్ప పక్క పంటికి పోదు. మాలో ఒకడు మొదట్లో కనిపించిన పండ్లను కనిపించినట్టే 1 నుంచి లెక్కపెట్టి, వరసంతా ఒక నంబరు జరిపేసినాడు.

ఆ రాత్రి మేం కాగితం తీసుకొని రెండు పద్ధతుల నంబర్లూ పక్కపక్కన రాసి చూసినాం. 11 నుంచి 18 దాకా, 21 నుంచి 28 దాకా, ఆపైన 31, 32. మొత్తం 18 నంబర్లు రెండింట్లోనూ ఉన్నాయి. ఒక్కటైనా ఒకే పంటి మీద పడుతుందేమో అని వెతికినాం. ఒక్కటీ పడలేదు. 14 తీసుకోండి. ఎఫ్‌డీఐలో అది పైన కుడి కోరపన్ను వెనక ఉండే చిన్న దౌడ పన్ను. వంకర పండ్లకు క్లిప్పులు వేసే ముందు చోటు కోసం చాలాసార్లు తీసేది దాన్నే. యూనివర్సల్‌లో 14 పైన ఎడమ మొదటి పెద్ద దౌడ పన్ను, అంటే నమిలే పని ఎక్కువ చేసేది. చీటీ రాసినోళ్లు ఒక పద్ధతి, చదివినోళ్లు ఇంకో పద్ధతి అయితే మంచి పన్ను పోతుంది.

మరి చీటీ చూసి ఏ పద్ధతో ఎట్లా తెలుస్తుంది? 1 నుంచి 10 లోపు నంబరు గానీ, 19, 20, 29, 30 గానీ ఉంటే అది యూనివర్సలే, ఎఫ్‌డీఐలో అవి లేవు. 33 గానీ అంతకన్నా పెద్దది గానీ ఉంటే ఎఫ్‌డీఐ. పాల పండ్లయితే గొడవే లేదు, యూనివర్సల్‌లో వాటికి ఇంగ్లీషు అక్షరాలు, ఎఫ్‌డీఐలో 51 నుంచి మొదలయ్యే నంబర్లు. ఆ 18 నంబర్లలో ఒక్కటే ఒంటరిగా కనిపిస్తే మాత్రం నంబరును బట్టి చెప్పలేం. నొప్పి ఎక్కడో అడగాలి, లేదా రాసిన డాక్టరునే అడగాలి. మేం చిన్నాయన చెప్పింది విని కూడా పుస్తకాన్నే నమ్మినాం, అదీ మా తెలివి.

ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడానికి పట్టిక బట్టీ పట్టొద్దు. ఎఫ్‌డీఐ రెండో అంకె తీసుకోండి. పైన కుడి అయితే దాన్ని 9లోంచి తీసేయండి, పైన ఎడమ అయితే 8 కలపండి, కింద ఎడమ అయితే 25లోంచి తీసేయండి, కింద కుడి అయితే 24 కలపండి. చిన్నాయన పన్ను రెండు–ఆరు, 6కు 8 కలిపితే 14. వీలర్ బొమ్మలో మేం చూడాల్సింది 14. చూసింది 26.

చిన్నాయనకు ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పినాం. ముందు వాపు తగ్గడానికి మందులిచ్చి, వారానికి ఆ పన్ను తీసినారు. రానుపోను బస్సు ఛార్జీలు, కూలి పోయిన రోజులు ఆయన లెక్క చెప్పలేదు. మేమూ అడగలేకపోయినాం.

సంక్రాంతి దాటినాక ఇంకో చీటీ పంపినాడు. ఈసారి 36. 32 దాటింది కాబట్టి సందేహం లేదు. అయినా వెంటనే చెప్పలేదు.

"చిన్నాయనా, ముందు నువ్వు చెప్పు, నొప్పి యాడ?"

"కింద, ఎడమ పక్క, దౌడ పంటికి."

"అదే రాసినారు. పో."