పోయింది రాబట్టుకోవాలని కూర్చున్న గురువారం

మాది బూదికోట. మిల్లులో రాత్రి పాళీ చేసి పొద్దున్నే ఇల్లు చేరతాను. నిద్రపోవాల్సిన టైములో ఫోను పట్టుకుని నిఫ్టీ ఆప్షన్లు కొనే అలవాటు పడింది నాకు. 2025 ఎండాకాలంలో ఒక గురువారం జరిగింది మీకు చెప్తాను. అప్పట్లో నిఫ్టీ వారం ఆప్షన్లకు గడువు గురువారమే. ఒక లాటుకు 75.

మార్కెట్ పెరుగుతుందని తొమ్మిదిన్నరకు ఒక కాల్ కొన్నాను. ధర 80, అంటే ఆరు వేలు. గంటలో అది 40కి దిగింది. అమ్మేశాను, మూడు వేలు పోయాయి. అక్కడ లేచి పడుకుని ఉంటే కథ అయిపోయేది. కానీ ఒళ్లు మండిపోయింది. ఆ మూడు వేలు ఇప్పుడే రావాలి అనుకుని, ఈసారి పడుతుందని రెండు లాట్ల పుట్ 60కి కొన్నాను. మార్కెట్ పడనూ లేదు, పెరగనూ లేదు. గడువు రోజున సూచీ కదలకున్నా ఆప్షన్ ధర ఎండలో ఐసుగడ్డ మాదిరి కరిగిపోతుంది. ఒంటిగంటన్నరకు 20కి అమ్మితే ఇంకో ఆరు వేలు పోయాయి. చివరికి పావు తక్కువ మూడుకు, పది రూపాయలకే వస్తోందని నాలుగు లాట్ల కాల్ కొన్నాను. మూడున్నరకు అది సున్నా. మొత్తం పన్నెండు వేలు, మా ఆవిడ పాప ఫీజుకని దాచిన చీటీ డబ్బు.

ఆమె తిట్టలేదు. "ముద్ద చల్లారిపోయింది, తిందువు రా" అని మాత్రం అనింది. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తరువాత మిల్లులో ఒక పెద్దాయనకు చెప్పుకున్నాను. "ఈరోజు కూలి పోయింది సరే, రేపటి కూలి ఎందుకు పందెం పెట్టినావురా?" అన్నాడు. నిజమే. మొదటిసారి కొన్నదానికి ఏదో ఒక లెక్క ఉంది. తక్కిన రెంటికీ "పోయింది రావాలి" తప్ప కారణం లేదు. లాట్లు ఒకటి, రెండు, నాలుగు అని పెరగడమే దానికి గుర్తు.

ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. కొనేముందు ఎందుకు కొంటున్నానో, ఎక్కడ బయటపడాలో రాస్తాను. కారణం రాయలేకపోతే కొనను. ఎప్పుడూ ఒక్క లాటే. 80కి కొంటే అప్పుడే 60కి స్టాప్‌లాస్ పెడతాను, అంటే అప్పటి 75 లాటు లెక్కన పోయేది పదిహేను వందలు. ధర జారి పడితే 55కి అమ్ముడవచ్చు, అదీ లెక్కలో ఉండాలి. ఒకసారి నష్టం వస్తే ఆ రోజుకు యాప్ మూసి పడుకోవాల్సిందే. చీటీ డబ్బు, అప్పు డబ్బు ముట్టను.

ఈ నియమాలు లాభం తెచ్చిపెట్టవు. సెబీ 2024లో చెప్పిన లెక్కలో, మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది పోగొట్టుకున్నవాళ్లే. నోటుబుక్కు చూస్తే నేనూ ఆ 93లోనే ఉన్నాను. అందుకే ఇప్పుడు చాలా వారాలు అసలు కొనడమే లేదు. పాప ఫీజు మాత్రం రెండు నెలలు ఓవర్‌టైం చేసి కట్టినాను.