లాస్ అని రాసిన గడి

ఎండాకాలం సెలవులకి కర్నూలు వెళ్తే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ అంకుల్ ఒక నోట్‌బుక్ నా చేతిలో పెట్టినాడు. "నువ్వు ఇంజినీరింగ్ కదప్పా, ఈ లెక్క సూడు" అని. పదిహేను ఫ్లాట్లు. ఏప్రిల్‌లో బోరు సన్నబడింది, ముప్పై ట్యాంకర్లు తెప్పించారు. అప్పటిదాకా ఖర్చంతా పదిహేనుతో భాగించేవాళ్లు. ఒంటరిగా ఉండే టీచరమ్మకీ, ఆరుగురున్న ఇంటికీ ఒకటే బిల్లు. గొడవలై చివరికి ఫ్లాట్‌కో నీళ్ల మీటరు, పైట్యాంకు నుంచి దిగే పైపుకి ఒక పెద్ద మీటరు పెట్టించారు.

ఎవరి ఇంటి కరెంటు బిల్లు వాళ్లకే వస్తుంది. మా లెక్కలోకి వచ్చేది కామన్ మీటరు ఒక్కటే. అది ఏప్రిల్‌లో 900 యూనిట్లు, 8,100 రూపాయలు. మోటార్లకి వేరే సబ్‌మీటరు ఉంది కాబట్టి వాటివి 500 యూనిట్లని తెలిసింది. మోటారు తిరిగేది నీళ్ల కోసమే, కాబట్టి ఆ 4,500 నీళ్ల ఖాతాలోకి పోవాలి. లిఫ్టు, మెట్ల లైట్లు మిగిలిన 3,600. అది సమానంగా పంచితే ఫ్లాట్‌కి 240.

ట్యాంకర్లు 18,000, మోటార్లు 4,500, కలిపి 22,500. అన్ని ఫ్లాట్ల రీడింగులూ కూడితే 225 కిలోలీటర్లు. అంటే వెయ్యి లీటర్లకి వంద రూపాయలు. ఆరు వేల లీటర్లు వాడిన టీచరమ్మకి 600, దానికి 240 కలిపి 840. పాత పద్ధతిలో ఆమె 1,740 కట్టేది. నాకు భలే సంతోషమేసింది.

కానీ పెద్ద మీటరు 255 చూపించింది. ముప్పై వేల లీటర్లు ఎవరి మీటర్లోనూ లేవు. నేను ఆ గడిలో "లాస్" అని రాసి వదిలేశా. నిజానికి ఆ లాస్ బిల్లులో దాక్కునే ఉంది. 255తో భాగించి ఉంటే రేటు 88 అయ్యేది. 225తో భాగించా కాబట్టి వంద అయింది.

మీటింగులో ఎవరో అన్నారు: "మీటరు లేనిది ఒక్క వాచ్‌మన్ రూముకే కదా." అంతే. నీళ్లు బయట అమ్ముకుంటున్నాడన్నారు, జీతంలో రెండు వేలు పట్టుకోవాలన్నారు. ఆయన గోడకి ఆనుకుని నిలబడి, "మేం ముగ్గురం సారూ, ఎన్ని బిందెలు వాడతాం?" అన్నాడు. రాసింది నేను, తల దించుకున్నది ఆయన.

ఆ రాత్రి లెక్కేస్తే అర్థమైంది. నెలకి ముప్పై వేలంటే రోజుకి వెయ్యి లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్లయితే అరవై ఆరు. ఎవరికీ కనపడకుండా అన్ని బకెట్లు ఎట్లా పోతాయి?

మరుసటి రాత్రి సెక్రటరీ అంకుల్ ముందే వాచ్‌మన్ రూము వాల్వు కట్టేశాం. పన్నెండుకి అన్ని మీటర్ల ఫొటోలు తీశా, నాలుగుకి మళ్లీ తీశా. పెద్ద మీటరు 160 లీటర్లు కదిలింది. ఫ్లాట్ల మీటర్లన్నీ కలిపి 20. అంటే 140 లీటర్లు ఏ మీటరుకీ తెలియకుండా పోయాయి. గంటకి 35, నెలకి దాదాపు 25 వేలు. మిగిలిన ఐదు వేలే వాచ్‌మన్ ఇంటివి. ముగ్గురికి రోజుకి 165 లీటర్లు.

ఎట్లా పోయాయంటే, మా ఇళ్లలో ఉన్నవి క్లాస్ బి అర అంగుళం మీటర్లు. గంటకి 30 లీటర్ల కంటే తక్కువ పారితే వాటి లెక్కకి హామీ లేదు. ఇంకా సన్నగా, గంటకి నాలుగైదు లీటర్లు కారితే ముల్లు కదలనే కదలదు. ఒక్కో ఇంట్లో సన్నటి ధార చిన్న మీటరుకి కనపడదు, అన్నీ కలిసి పెద్ద మీటరు దగ్గర కనపడతాయి.

పొద్దున ఇంటింటికీ తిరిగి ఫ్లష్ ట్యాంకుల్లో మిఠాయి రంగు కలిపాం. అరగంట ఎవరూ ఫ్లష్ చేయొద్దన్నాం. తొమ్మిది ఇళ్లలో కింద బేసిన్‌లోకి రంగు దిగింది. మా బోరు నీళ్ల సున్నం పేరుకుని లోపలి రబ్బరు వాషర్లు సరిగ్గా కూర్చోవట్లేదు. ఆ తొమ్మిదిలో మా ఇల్లూ ఒకటి. మీటింగులో గట్టిగా అరిచినవాళ్లవి మూడు.

వాషర్లు మార్చాక మే నెలలో తేడా ఎనిమిది వేలకి దిగింది. వాచ్‌మన్ రూముకీ మీటరు పెట్టించాం. బిల్లు వేయడానికి కాదు, ఇంకోసారి ఎవరూ వేలెత్తి చూపకుండా.

షీట్‌లో ఆ గడి పేరు మార్చేశా. ఇప్పుడక్కడ "ఇంకా వెతకాల్సింది" అని ఉంది. వాచ్‌మన్‌కి సారీ చెప్పడానికి మాత్రం నాకు ఇంకో వారం పట్టింది. ఆయన నవ్వి, "నీదేముంది నాయనా, మీటరు సూపలేదు కదా" అన్నాడు.