21 గుర్తుల వెలిమెల

పటాన్‌చెరు నుంచి మా ఊరి బోనాల చందా జాబితా వచ్చింది. ఎక్సెల్‌లో తెరిస్తే ఊరి పేరు ఉండాల్సిన గడిలో ఇది కనిపించింది:

```
à°µà±†à°²à°¿à°®à±†à°²
```

ఈ గుర్తులకు నాకు కోపం రాలేదు. పక్కనున్నాయన మాటకు వచ్చింది: "తెలుగుతోని ఎప్పుడూ గిట్లనే అయితదన్నా, ఇంగ్లీషుల పంపమందాం." తెలుగు చేసిన తప్పేముంది? పైన ఉన్నది వెలిమెలే. ఒక్క అక్షరం కూడా పోలేదు.

యూనికోడ్ లెక్కలో వెలిమెల అంటే ఏడు: వ, ఎత్వం, ల, గుడి, మ, ఎత్వం, ల. యూటీఎఫ్-8లో దాస్తే ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 21. వ అంటే E0 B0 B5. మూడూ కలిపి చదవాల్సిన ఎక్సెల్, పశ్చిమ యూరప్ భాషల పాత పట్టిక పట్టుకుని విడివిడిగా చదివింది. E0 కాస్తా à అయింది, B0 ° అయింది, B5 µ అయింది. తెలుగు అక్షరాలన్నీ E0 B0తో గానీ E0 B1తో గానీ మొదలవుతాయి. కాబట్టి à°, à± పదేపదే కనిపిస్తే లోపల తెలుగు క్షేమంగా ఉన్నట్టే.

అప్పుడు సేవ్ చేయకుండా మూసేయాలి. Data మెనూలో From Text/CSV నొక్కి, File Origin దగ్గర 65001: Unicode (UTF-8) ఎంచుకుంటే ఊరు ఊరిలా కనిపిస్తుంది. పంపినవారికి "ఫైల్ తెరుచుకోలేదు" అంటే ఏమీ తెలియదు. ఇలా చెప్పాలి: "తమ్మీ, నీ దగ్గర తెలుగు సక్కగ కనబడుతున్నప్పుడే Save Asల CSV UTF-8 అని ఉన్నది ఎంచుకొని మళ్లీ పంపు." అలా దాచిన ఫైల్ మొదట్లో ఒక ఆనవాలు పడుతుంది. దాన్ని చూసి ఎక్సెల్ సరైన పట్టిక తీస్తుంది. గుర్తులు కనిపిస్తుండగానే అలా సేవ్ చేస్తే మాత్రం ఆ గుర్తులే అక్షరాలై కూర్చుంటాయి.

దానికి బదులు ??????? అని ఏడు ప్రశ్నార్థకాలు వస్తే కథ వేరు. మామూలు CSVగా సేవ్ చేసినప్పుడు, పాత పట్టికలో చోటు లేక అక్షరాలు నిజంగానే పోయాయి. ఆ ఫైల్‌ను ఎవరూ బాగుచేయలేరు, అసలు ఫైలే అడగాలి.

ప్రెస్ నుంచి అను ఫాంట్‌లో వచ్చే పత్రికలది ఇంకో దారి. అక్కడ ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు పెట్టారు. "పీడీఎఫ్ పంపండి, లేదా యూనికోడ్‌లోకి మార్చి పంపండి" అనాలి. ఒకప్పుడు ఈనాడు వెబ్‌సైట్ కూడా ఇలాగే సొంత ఫాంట్‌తో నడిచేది. ఫాంట్ లేని కంప్యూటర్‌లో వార్తంతా పిచ్చిగీతలే. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు పెట్టుకుంటే ఆ గీతలు అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగుగా మారేవి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంట్, ఒక్కో ఫాంట్‌కు ఒక్కో పట్టిక. ఏ గీత ఏ ఒత్తో, ఏ కొమ్మో ఓపికగా పోల్చి రాస్తే తప్ప అది సాధ్యం కాదు. ఆ పని చేసినవారికి నేను చదివిన ప్రతి వార్తా బాకీయే.