మూసేసిన కార్డుకి వెళ్లిన డబ్బు

సంక్రాంతికి మా వదిన (మా వారి అక్కయ్య) బెంగళూరు నుంచి గన్నవరం వచ్చి వెళ్లడానికి నవంబరులోనే ముగ్గురికీ విమానం టికెట్లు కొనేశారు. వచ్చే విమానం బాగానే వచ్చింది కానీ, తిరుగు ప్రయాణం విమానాన్ని వాళ్లే రద్దు చేశారు. మర్నాటికల్లా 13,740 రూపాయలు రిఫండ్ ఇచ్చేశామని మెసేజ్ పెట్టారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ టికెట్లు కొన్న క్రెడిట్ కార్డుని వదిన డిసెంబరులోనే మూయించేశారు. ఏడాదికోసారి కట్టే ఫీజు దండగని.

విమానం వాళ్లని అడిగితే "మేం పంపేశాం, మీ బ్యాంకుని అడగండి" అన్నారు. బ్యాంకుకి ఫోన్ చేస్తే "ఆ కార్డు ఇప్పుడు లేదు కదండీ" అన్నారు. "అయితే నా డబ్బు గాల్లో ఉందా అమ్మాయ్?" అని వదిన నన్నడిగారు. పెళ్లికి ముందు మూడేళ్లు నేను ఒక బ్యాంకు కార్డుల విభాగంలో పనిచేశానులెండి, అందుకని ఇంట్లో ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి.

డబ్బు గాల్లో ఉండదు. అసలు అది ప్లాస్టిక్ ముక్క మీదికి వెళ్లదు, ఆ కార్డు వెనకాల ఉన్న ఖాతాకి వెళ్తుంది. విమానం కంపెనీ తన బ్యాంకుకి చెబుతుంది, ఆ బ్యాంకు వీసా లాంటి నెట్‌వర్కు ద్వారా మన కార్డు ఇచ్చిన బ్యాంకుకి పంపుతుంది. అందుకే డెబిట్ కార్డు గడువు తీరిపోయినా, పోయిందని కొత్తది తెచ్చుకున్నా కంగారు పడక్కర్లేదు. పొదుపు ఖాతా అదే కాబట్టి డబ్బు మామూలుగా అందులోనే పడుతుంది. మనవైపు చాలామందివి ఆంధ్రా బ్యాంకు ఖాతాలు కదా, 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయాక కార్డులు మారాయి కానీ ఖాతాలు మూతపడలేదు. ఇదీ అలాంటిదే.

క్రెడిట్ కార్డు మూసేస్తే కథ వేరు. దాని వెనకాల పొదుపు ఖాతా ఉండదు, మనం ఎంత బాకీ ఉన్నామో రాసుకునే పద్దు మాత్రమే ఉంటుంది. మూసేసినా ఆ పద్దు బ్యాంకు కంప్యూటర్లోంచి వెంటనే చెరిగిపోదు. బాకీ సున్నా ఉన్నచోట 13,740 వచ్చి పడితే, ఇప్పుడు బ్యాంకే మనకి బాకీ. కానీ కార్డు మూసేశాక యాప్‌లో అది కనిపించదు, నెలనెలా వచ్చే స్టేట్‌మెంటూ రాకపోవచ్చు. ఫోనెత్తిన అమ్మాయి తెర మీద "క్లోజ్డ్" అని చూసి లేదనేస్తుంది. తప్పు ఆ పిల్లదీ కాదు, ఆమెకి కనబడేది అంతే.

అందుకని వదినతో, "మీరు ముందు విమానం వాళ్లని ఏఆర్‌ఎన్ నంబరు అడగండి" అన్నాను. వీసా కార్డుకి వచ్చే రిఫండుకి ఇరవై మూడు అంకెల నంబరు ఒకటుంటుంది, అది రిజిస్టర్ పోస్టు రసీదు లాంటిది. "పంపేశాం" అన్న మాటకి బ్యాంకు దగ్గర విలువ లేదు, ఈ నంబరుకి ఉంది. ఇవ్వలేకపోతున్నారంటే చాలాసార్లు డబ్బు ఇంకా వాళ్ల దగ్గరే కదలకుండా ఉందని అర్థం. రెండుసార్లు అడిగాక ఈమెయిల్లో పంపారు.

ఆ నంబరు, తేదీ, మొత్తం, పాత కార్డు చివరి నాలుగంకెలు వేసి బ్యాంకుకి ఈమెయిల్ రాయించాను. ఫోన్లో చెబితే రేపు ఇంకొకరికి మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. "మూసిన ఖాతాలో ఉన్న నా నిల్వని నా బ్యాంకు ఖాతాకి బదిలీ చేయండి" అని స్పష్టంగా రాయమన్నాను. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన నియమాల ప్రకారం, క్రెడిట్ కార్డు మూసేశాక అందులో మిగిలిన డబ్బుని కార్డుదారు బ్యాంకు ఖాతాకి పంపాల్సిందే, ఖాతా వివరాలు లేకపోతే బ్యాంకే అడిగి తీసుకోవాలి. నాలుగో రోజున క్యాన్సిల్ చేసిన చెక్కు కావాలన్నారు. పంపిన వారానికి డబ్బు పడింది, పూర్తి మొత్తం.

బ్యాంకు ఖాతానే మూసేసిన డెబిట్ కార్డైతే మాత్రం పడటానికి చోటుండదు. బ్యాంకు ఆ డబ్బుని కొన్నాళ్లు తన లెక్కల్లో పక్కన పెట్టుకోవచ్చు, లేదా పంపినవాళ్లకే తిప్పి పంపేస్తుంది. అప్పుడు మళ్లీ అమ్మినవాళ్ల దగ్గరికే వెళ్లి, వేరే ఖాతా నంబరిచ్చి నేరుగా వేయమనాలి. "ఖాతా మూసేశారు, సొమ్ము తిరిగి పంపాం" అని పాత బ్యాంకు నుంచి ఒక ఈమెయిల్ తెచ్చుకుంటే వాళ్లు కాదనడం కష్టం.

రాసిన ముప్పై రోజుల్లోగా బ్యాంకు జవాబివ్వకపోయినా, కుదరదన్నా, cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చుండదు. మొదటి ఈమెయిల్ తేదీయే అక్కడ సాక్ష్యం. ఈ తిరుగుళ్లలో గూగుల్లో దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి మాత్రం చేయకండి. మనకి రావాల్సిన డబ్బుకి ఓటీపీ చెప్పమన్నా, పిన్ కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి. వదినకి అలాంటి కాల్ ఒకటి వచ్చింది, ఆవిడ పెట్టిన చీవాట్లు నేనిక్కడ రాయలేను.